యాప్‌లో సగం తెలుగు, సగం ఇంగ్లిష్: కారణం ఎలా కనుక్కోవాలి, డెవలపర్‌కు ఎలా చెప్పాలి

మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ల వివరాలు ఒక యాప్‌లో ఎక్కిస్తారు. వాచ్‌మన్ ఫోన్ భాష తెలుగు. డెలివరీ అబ్బాయిలు వచ్చి నిలబడితే స్క్రీన్ మీద పైన "సందర్శకులు" అని ఉంటుంది. దాని కింద "2 visitors waiting". ఆ పక్కన తేదీ, "12 మార్చి". అడుగున రెండు బటన్లు: ఒకటి "అనుమతించండి", రెండోది "Deny". ఫ్లాట్ నంబర్ తప్పు కొడితే "Invalid flat number" అని ఎర్ర అక్షరాల్లో వస్తుంది. "ఇది నొక్కితే ఏమైతది సార్?" అని ఆయన Deny మీద వేలు పెట్టి అడిగాడు. రోజుకు ఎంతోమందిని లోపలికి పంపాలో వద్దో ఆ రెండు బటన్లతోనే తేల్చాల్సిన మనిషికి అందులో ఒకటి చదవడానికే రాకపోతే, అది చిన్న లోపం కాదు.

ఇలాంటిది కనిపిస్తే డెవలపర్‌కు రాయండి. అయితే "మీ యాప్‌లో తెలుగు సరిగా లేదు" అని ఒక్క ముక్క రాస్తే పని జరగదు. పై స్క్రీన్ మీద ఉన్న మాటలన్నీ ఒకే చోటు నుంచి వచ్చినవి కావు. ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో కొంతవరకు మీరే కనిపెట్టి చెబితే, అవతలివాళ్లు నేరుగా ఆ చోటికే వెళ్లి సరిచేస్తారు. దీనికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఇక్కడ ఆండ్రాయిడ్ ఫోన్ల గురించే చెబుతున్నాను, ఎందుకంటే తెలుగులో యాప్ వాడేవాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉండేవి అవే.

ముందు, ఇంగ్లిష్ ఎందుకు తొంగిచూస్తుందో

ఆండ్రాయిడ్ యాప్‌లో బటన్ల మీది మాటలు, శీర్షికలు, హెచ్చరికలు పద్ధతి ప్రకారం ఒక ఫైల్‌లో వరుసగా రాసి ఉంటాయి. ఒక్కో మాటకు ఒక్కో పేరు పెడతారు. మామూలు ఫైల్ `values` అనే ఫోల్డర్‌లో, తెలుగు ఫైల్ `values-te` అనే ఫోల్డర్‌లో ఉంటాయి. మా గేటు యాప్ లోపల ఇంచుమించు ఇలా ఉంటుందనుకోండి:

```xml
<!-- values/strings.xml -->
<string name="btn_allow">Allow</string>
<string name="btn_deny">Deny</string>

<!-- values-te/strings.xml -->
<string name="btn_allow">అనుమతించండి</string>
```

ఫోన్ తెలుగులో ఉంటే యాప్ ముందు తెలుగు ఫైల్‌లో వెతుకుతుంది. `btn_allow` దొరికింది, తెలుగులో చూపించింది. `btn_deny` అక్కడ లేదు, కాబట్టి మామూలు ఫైల్‌కు వెళ్లి అక్కడున్నది తెచ్చి చూపించింది. ఈ వెతుకులాట ఫైల్ మొత్తానికి ఒకేసారి జరగదు, ఒక్కో మాటకు విడివిడిగా జరుగుతుంది. అందుకే ఒకే స్క్రీన్ మీద పక్కపక్కనే రెండు భాషలు కనిపిస్తాయి. మామూలు ఫైల్‌లో ఏ భాష ఉంటే అదే వస్తుంది. మనకు ఎక్కువగా ఇంగ్లిష్ కనిపించడానికి కారణం, చాలామంది డెవలపర్లు ఆ ఫైల్‌ను ఇంగ్లిష్‌లోనే రాయడం. ఇదొక ఏర్పాటు. రెండు చోట్లా లేని మాటను అడిగితే యాప్ ఆగిపోయి మూసుకుపోతుంది. దానికంటే ఇంగ్లిష్ కనిపించడం నయం.

మరి తెలుగు ఫైల్‌లో ఆ మాట ఎందుకు లేదు? చాలాసార్లు, ఆ బటన్ తర్వాత పుట్టింది కాబట్టి. మొదట యాప్ చేసినప్పుడు ఉన్నవన్నీ అనువాదం చేయించారు. ఆరు నెలల తర్వాత కొత్త సౌకర్యం పెట్టారు, ఇంగ్లిష్ మాటలు రాశారు, అనువాదం చేతికి రాకముందే అప్‌డేట్ వదిలేశారు. పాత మాట ఇంగ్లిష్‌లో కొద్దిగా మారినా ఇదే జరగవచ్చు. కొన్ని అనువాద వ్యవస్థల్లో అసలు వాక్యం మారగానే పాత అనువాదం "మళ్లీ చూడాలి" అనే గుర్తుతో పక్కకు పోతుంది. ఎవరో ఒకరు చూసి సరే అనేదాకా యాప్‌లో ఇంగ్లిషే నడుస్తుంది. నిన్నటిదాకా తెలుగులో ఉన్నది అప్‌డేట్ తర్వాత ఇంగ్లిష్‌లోకి తిరిగిందంటే ముందు దీన్నే అనుమానించాలి.

ఇది ఒక రకం. రెండో రకం, మాటను ఫైల్‌లో పెట్టకుండా ప్రోగ్రామ్‌లోనే నేరుగా రాసేయడం. అలా రాస్తే అది అనువాదకుడి కంటికే పడదు, ఎన్ని భాషలు చేర్చినా ఇంగ్లిష్‌గానే ఉంటుంది. మూడోది, మాట అసలు ఫోన్‌లో లేకపోవడం. ఆఫర్లు, సరుకుల పేర్లు, కొన్ని తప్పుల సందేశాలు కంపెనీ సర్వర్ నుంచి వస్తాయి. సర్వర్ తెలుగులో పంపితేనే తెలుగు. ఇక తేదీ విషయానికొస్తే, "మార్చి" అని చూపించింది యాప్ కాదు, ఆండ్రాయిడ్. నెలల పేర్లు, వారాల పేర్లు అన్ని భాషల్లోనూ ఫోన్‌లోనే ఉంటాయి. అందుకే అనువాదం సగంలో ఆగిన యాప్‌లో కూడా తేదీ మాత్రం చక్కగా తెలుగులో ఉంటుంది. కెమెరా వాడుకోవచ్చా అని అడిగే పెట్టె కూడా ఫోన్‌దే. అందులో తేడా ఉంటే యాప్ వాళ్లకు రాసి లాభం లేదు.

కంప్లైంట్ రాసే ముందు చూసుకోవాల్సినవి

ప్లే స్టోర్‌లో యాప్‌ను అప్‌డేట్ చేయండి. మీరు చెప్పబోయేది కొత్త వెర్షన్‌లో ఇప్పటికే సరిచేసి ఉండవచ్చు.

తర్వాత భాష ఎక్కడ మార్చారో చూడండి. ఫోన్ అంతా తెలుగులో పెట్టుకున్నారా, లేక ఫోన్ ఇంగ్లిష్‌లో ఉంచి ఆ ఒక్క యాప్ లోపల తెలుగు ఎంచుకున్నారా? ఈ రెండోదానిలో ఒక మెలిక ఉంది. ప్లే స్టోర్ చాలా యాప్‌లను ముక్కలుగా పంపుతుంది. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ఏ భాషలున్నాయో ఆ భాషల ముక్కలే దిగుతాయి. ఫోన్‌లో ఇంగ్లిష్ ఒక్కటే ఉంటే తెలుగు ముక్క అసలు రాకపోవచ్చు. డెవలపర్ ఆ సంగతి ముందే ఆలోచించి ఏర్పాటు చేయకపోతే, యాప్ లోపల తెలుగు నొక్కినా బటన్లు ఇంగ్లిష్‌లోనే ఉండిపోతాయి. సర్వర్ నుంచి వచ్చేవి మాత్రం తెలుగులోకి మారతాయి. అంటే ఆఫర్లు తెలుగు, బటన్లన్నీ ఇంగ్లిష్. ఈ లక్షణం కనిపిస్తే ఫోన్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో లాంగ్వేజెస్ తెరిచి ఇంగ్లిష్ కింద తెలుగును రెండో భాషగా చేర్చండి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ మెనూ వేరే చోట ఉంటుంది, సెట్టింగ్స్ పైనున్న వెతికే పెట్టెలో language అని కొడితే దొరుకుతుంది. నెట్ ఆన్‌లో ఉంచి కాసేపు ఆగి యాప్ మళ్లీ తెరవండి. బటన్లు తెలుగులోకి వచ్చాయంటే అనువాదం ఉంది, మీ ఫోన్‌కు చేరలేదంతే. ఇది కూడా డెవలపర్‌కు చెప్పదగ్గ లోపమే. కాకపోతే "అనువాదం లేదు" అని కాకుండా "యాప్‌లో భాష మార్చితే తెలుగు ఫైల్ దిగడం లేదు" అని రాయాలి.

కారణం తేల్చే రెండు పరీక్షలు

మొదటిది హిందీ పరీక్ష. ఫోన్ భాషను కాసేపు హిందీకి మార్చి, హిందీ ముక్క దిగడానికి నెట్ ఆన్‌లో ఉంచి కొంచెం ఆగి, అదే స్క్రీన్ తెరవండి. హైదరాబాద్‌లో హిందీ అక్షరాలు కూడబలుక్కొని చదవగలిగినవాళ్లు చాలా ఇళ్లలో ఉంటారు. మీకు రాకపోతే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. మార్చే ముందు లాంగ్వేజెస్ మెనూ దాకా వెళ్లే దారిని స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుంటే, తిరిగి రావడానికి టెన్షన్ పడక్కర్లేదు. ఆండ్రాయిడ్ 13 నుంచి, యాప్ అందుకు వీలిస్తే, ఫోన్ మొత్తం కాకుండా ఒక్క యాప్‌కే భాష మార్చుకోవచ్చు. లాంగ్వేజెస్ మెనూలోనే యాప్ లాంగ్వేజెస్ అని ఉంటుంది. అక్కడ మీ యాప్ కనిపిస్తే ఆ దారే సుఖం.

ఇంగ్లిష్‌లో ఉన్న మాట హిందీలోకి మారిందంటే అది పద్ధతిగా ఫైల్‌లోనే ఉంది, తెలుగు ఒక్కటే లేదు. హిందీలోనూ ఇంగ్లిష్‌గానే ఉందంటే మూడింట్లో ఏదైనా కావచ్చు: ప్రోగ్రామ్‌లో నేరుగా రాసి ఉండాలి, సర్వర్ నుంచి వస్తూ ఉండాలి, లేదా హిందీ అనువాదం కూడా బాకీ ఉండాలి. ఆ స్క్రీన్ మీద మిగతావన్నీ హిందీలోకి మారి ఇదొక్కటే మొండికేస్తే మొదటి రెండింటి మీదే అనుమానం.

ఆ రెండింటినీ విడదీయడానికి నెట్ లేకుండా చూసే పరీక్ష. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి ఆ యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేయండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకొని, యాప్ తెరవండి. ఆ మాట అప్పుడూ కనిపిస్తే ఫోన్‌లోనే ఉందని చాలావరకు అనుకోవచ్చు. కనిపించకపోతే మాత్రం సర్వర్‌దే అని వెంటనే తేల్చేయకండి. ఆ స్క్రీన్ తెరుచుకోవడానికే నెట్ కావాల్సి ఉండవచ్చు. అలాగే కొన్ని యాప్‌లు ఇంతకుముందు సర్వర్ నుంచి వచ్చినదాన్ని దాచిపెట్టుకొని నెట్ లేకపోయినా చూపిస్తాయి. ఆ యాప్ పేజీ నుంచే స్టోరేజ్ ఖాళీ చేసే బటన్ దగ్గరికి కూడా వెళ్లొచ్చు, దాని జోలికి పోకండి. లాగిన్ పోయి మళ్లీ ఓటీపీ దగ్గర నిలబడాల్సి వస్తుంది.

మా గేటు యాప్‌లో ఇవి చేస్తే ఇలా తేలింది. Deny హిందీలో "అస్వీకార్ కరేఁ" అని మారింది, కాబట్టి తెలుగు మాట బాకీ అంతే. "2 visitors waiting" హిందీలోనూ కదల్లేదు. ఆ 2 అనే అంకె సర్వర్‌ది కాబట్టి వాక్యమూ అక్కడిదేనేమో అనిపించింది. కానీ నెట్ ఆపి తెరిస్తే "0 visitors waiting" అని వచ్చింది. అంటే అంకె మాత్రమే సర్వర్‌ది, వాక్యం యాప్‌లోనే ఉంది, ఫైల్‌లో కాకుండా ప్రోగ్రామ్‌లో నేరుగా రాసినట్టుంది. "Invalid flat number" కూడా హిందీలో మారలేదు. నెట్ లేనప్పుడు ఫ్లాట్ నంబర్ కొడితే "ఇంటర్నెట్ లేదు" అని తెలుగులోనే చెప్పింది, ఆ ఎర్ర వాక్యం రాలేదు. నంబర్ తప్పని చెబుతున్నది సర్వర్ అని దాదాపు ఖాయం. ఒకే స్క్రీన్, మూడు రకాల లోపాలు, కంపెనీలో బహుశా ముగ్గురు వేర్వేరు మనుషుల పని.

రిపోర్ట్ రాయడం

డెవలపర్‌కు అన్నిటికంటే పనికొచ్చేది, ఇంగ్లిష్‌లో కనిపించిన మాటను ఒక్క అక్షరం తేడా లేకుండా టైప్ చేసి పంపడం. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. బొమ్మలోని అక్షరాలను వాళ్లు ప్రోగ్రామ్‌లో వెతకలేరు, టైప్ చేసిన మాటను మాత్రం కాపీ చేసి ఒక్క క్షణంలో వెతుకుతారు. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, చివరి చుక్క కూడా ఉన్నది ఉన్నట్టే ఉండాలి.

దాని తర్వాత ఆ స్క్రీన్ దగ్గరికి వెళ్లే దారి, యాప్ వెర్షన్, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఫోన్ భాష, యాప్ భాష. యాప్ వెర్షన్ ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీలో అడుగున ఉంటుంది. అంకె ఉన్న వాక్యమైతే ఏ అంకెతో చూశారో కూడా రాయండి. తెలుగులో "1" కి ఒక వాక్యం, మిగతా అంకెలకు ఒక వాక్యం విడిగా దాచుకునే వీలుంది. ఒకటి అనువాదమై రెండోది మిగిలిపోవడం జరుగుతూ ఉంటుంది.

మా యాప్ వాళ్లకు పంపదగ్గ రిపోర్ట్ ఇలా ఉంటుంది. చుక్కలున్న చోట మీ వివరాలు నింపుకోవాలి.

```
విషయం: తెలుగులో 3 చోట్ల ఇంగ్లిష్ (గేట్ స్క్రీన్)
యాప్ వెర్షన్: ...   ఫోన్, ఆండ్రాయిడ్: ...
ఫోన్ భాష: తెలుగు   యాప్ భాష: తెలుగు
దారి: హోమ్ > సందర్శకులు

1. "Deny" : హిందీలో మారుతోంది, తెలుగులో లేదు.
   సూచన: తిరస్కరించండి
2. "2 visitors waiting" : హిందీలోనూ ఇంగ్లిషే.
   నెట్ లేకుండా "0 visitors waiting" వస్తోంది.
   ప్రోగ్రామ్‌లో నేరుగా రాసినట్టుంది.
3. "Invalid flat number" : హిందీలోనూ ఇంగ్లిషే.
   నెట్ ఉన్నప్పుడే వస్తోంది. సర్వర్ సందేశం కావచ్చు.
```

అవతలి టీమ్‌కు తెలుగు వస్తుందన్న నమ్మకం లేకపోతే ఇదే రిపోర్ట్‌ను చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాయండి, తెలుగు సూచనలు మాత్రం తెలుగు లిపిలోనే ఉంచండి. మీరు తేల్చుకున్నదాన్నీ, ఊహించినదాన్నీ కలిపేయకండి. "హిందీలోనూ ఇంగ్లిషే" అన్నది మీరు కళ్లారా చూసింది. "సర్వర్ సందేశం కావచ్చు" అన్నది ఊహ. ఆ "కావచ్చు" అలాగే ఉండనివ్వండి, లేకపోతే ఊహ తప్పినప్పుడు వాళ్లు వేరే చోట వెతికి "మాకు అలాంటిదేమీ కనిపించలేదు" అని మూసేస్తారు.

స్క్రీన్‌షాట్‌లో ఆ మాట చుట్టూ గీత గీయండి, మిగతాది కత్తిరించండి. గేటు యాప్ లాంటివాటిలో వచ్చినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, బండి నంబర్లు, ఫ్లాట్ నంబర్లు అన్నీ కనిపిస్తాయి. అవి మీవి కూడా కావు. మసకగా చేస్తే కొన్నిసార్లు చదవడానికి వస్తూనే ఉంటాయి, నల్లటి పెట్టె గీసి పూర్తిగా కప్పేయండి.

ఎక్కడికి పంపాలి

యాప్ లోపల హెల్ప్ లేదా ఫీడ్‌బ్యాక్ ఉంటే ముందు అక్కడ. లేకపోతే ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలో సపోర్ట్ కింద డెవలపర్ ఈమెయిల్ ఉంటుంది. ఒక నక్షత్రం ఇచ్చి రివ్యూలో రాయడం నాకు నచ్చదు. అక్కడ స్క్రీన్‌షాట్ పెట్టలేరు, వివరంగా మాట్లాడుకోనూ లేరు. పైగా దాన్ని చదివేది అనువాదాలు చూసే మనిషి కాకపోవచ్చు. కస్టమర్ కేర్ నుంచి "భాష మార్చి చూడండి" అన్న రెడీమేడ్ జవాబు వస్తే, కోపం తెచ్చుకోకుండా అదే మెయిల్‌కు జవాబుగా "భాష మార్చి చూశాను, ఫలితం పైన 1, 2, 3లో ఉంది. దయచేసి డెవలపర్ టీమ్‌కు పంపండి" అని రాయండి.

కొన్ని యాప్‌ల అనువాదం మనలాంటివాళ్లే చేస్తారు. వికీపీడియా ఆండ్రాయిడ్ యాప్ మాటలు `translatewiki.net`లో, ఫైర్‌ఫాక్స్ మాటలు `pontoon.mozilla.org`లో, ఎఫ్-డ్రాయిడ్ లాంటి ఎన్నో ఓపెన్ సోర్స్ యాప్‌ల మాటలు వెబ్‌లేట్ అనే వ్యవస్థలో ఉంటాయి. వీటి విషయంలో "Deny తెలుగులో లేదు" అని డెవలపర్‌కు రాయడం కంటే, ఆ సైట్‌లో ఖాతా తెరిచి, తెలుగు ఎంచుకొని, ఆ ఇంగ్లిష్ మాటను వెతికి, ఖాళీగా ఉన్న చోట మీరే తెలుగు సూచన పెట్టడం త్వరగా తెమిలే పని. ఫైర్‌ఫాక్స్ దగ్గర కొత్తవాళ్లు పెట్టినది ముందు సూచనగానే ఉంటుంది, తెలుగు బృందంలో ఎవరైనా చూసి ఒప్పుకోవాలి.

అక్కడ మాటల మధ్య `%1$s`, `%d` లాంటి గుర్తులు కనిపిస్తాయి. పేరు, అంకె వచ్చి కూర్చునే ఖాళీలు అవి. ఒక్క అక్షరం కూడా మార్చకూడదు, తెలుగులోకి రాయకూడదు. కానీ `%1$s` లాంటి నంబర్ ఉన్నవాటి వరుస మార్చుకోవచ్చు, నంబర్ ఉన్నది అందుకే:

```
%1$s is waiting at %2$s
%2$s దగ్గర %1$s ఎదురుచూస్తున్నారు
```

మొదటి ఖాళీలో మనిషి పేరు, రెండో ఖాళీలో గేటు. తెలుగులో గేటు ముందుకొచ్చినా నంబర్ల వల్ల పేరు పేరు దగ్గరే పడుతుంది. కొన్ని యాప్‌లలో ఈ వాక్యాన్ని ఇలా ఒకటిగా రాయకుండా పేరు ఒక ముక్క, is waiting at ఒక ముక్క, గేటు ఒక ముక్కగా అతికిస్తారు. అప్పుడు అనువాదకుడు ఎంత తన్నుకున్నా తెలుగు వాక్యం కుదరదు. మాటలన్నీ తెలుగే అయినా వరుస తలకిందులుగా ఉంటే ఇదే కారణం. అలాంటిది కనిపిస్తే "ముక్కలు అతికించకుండా మొత్తాన్ని ఒకే వాక్యంగా అనువాదానికి ఇవ్వండి" అని డెవలపర్‌కే రాయాలి, అనువాద సైట్‌లో దానికి మందు లేదు.

పంపిన తర్వాత

మూడు లోపాలూ ఒకేసారి తీరవు. Deny లాంటిది ఫైల్‌లో ఒక వరుస చేర్చితే అయిపోతుంది, తర్వాతి అప్‌డేట్‌లోనే రావచ్చు. సర్వర్ సందేశాన్ని సరిచేస్తే చాలాసార్లు మీరు అప్‌డేట్ చేయకుండానే మారిపోతుంది. ప్రోగ్రామ్‌లో నేరుగా రాసినదానికే ఎక్కువ సమయం పడుతుంది. ముందు డెవలపర్ ఆ వాక్యాన్ని బయటికి తీసి ఫైల్‌లో పెట్టాలి, ఆ తర్వాతే అనువాదకుడికి అది కనిపిస్తుంది. ఈ మధ్యలో ఒక అప్‌డేట్ వచ్చి "సరిచేశాం" అని జవాబు వచ్చినా మీకు ఇంగ్లిషే కనిపించవచ్చు. అప్పుడు కొత్త రిపోర్ట్ మొదలుపెట్టకుండా పాతదానికే కొత్త వెర్షన్ నంబర్ చేర్చి, హిందీ పరీక్ష మరోసారి చేసి ఫలితం రాయండి. ఈసారి హిందీలోకి మారితే డెవలపర్ పని పూర్తయింది, ఇక మిగిలింది తెలుగు వరుస ఒక్కటే. ఆ సంగతి రాసి, మీ తెలుగు సూచన మళ్లీ జతచేసి పంపండి.